ఉద్యోగం వెతుకుతున్నారన్న సంగతి ఎవరికి తెలుస్తుంది?

లింక్డ్‌ఇన్‌లో కొందరి ఫొటో అంచున ఆకుపచ్చ పట్టీ కనిపిస్తుంది. దాని మీద #OPENTOWORK అని రాసి ఉంటుంది. ‘నేను ఉద్యోగం కోసం చూస్తున్నాను’ అని ఊరందరికీ చెప్పే గుర్తు అది. ఉద్యోగం పోయినవాళ్లకూ, కొత్తగా చదువు ముగించినవాళ్లకూ దానితో పని జరుగుతుంది. ఒకచోట పనిచేస్తూనే మరోచోటికి మారాలనుకునేవాళ్లు మాత్రం దాన్ని పెట్టుకోలేరు. పొద్దున పెట్టుకుంటే సాయంత్రానికి మేనేజర్ చెవిన పడుతుంది. అలాంటివాళ్ల కోసం లింక్డ్‌ఇన్ మరో ఏర్పాటు చేసింది. ఫొటో మీద పట్టీ రాదు, పక్క సీటులో ఉన్నవాళ్లకు ఏమీ కనిపించదు, రిక్రూటర్లకు మాత్రం తెలుస్తుంది. తెర మీద దీన్ని Recruiters only అంటారు.

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో దీని గురించి రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ‘మన కంపెనీకి అస్సలు తెలియదు, నిశ్చింతగా పెట్టుకో’ అనేవాళ్లు కొందరు. ‘అదంతా ఉత్తిదే, హెచ్‌ఆర్‌కి అన్నీ కనిపిస్తాయి’ అని భయపెట్టేవాళ్లు మరికొందరు. నిజం ఈ రెండింటికీ మధ్య ఎక్కడో లేదు, వేరేచోట ఉంది. ఈ గుర్తు ఎవరికి కనిపించాలో తేల్చే లెక్క చాలావరకు మన ప్రొఫైల్‌లో మనం రాసుకున్న ఒక్క వరుస మీద ఆధారపడుతుంది. ఆ వరుస సరిగ్గా ఉందో లేదో చూసుకునేవాళ్లు తక్కువ.

మొదట దీని పుట్టుక చూద్దాం. ముందు వచ్చింది పట్టీ కాదు, రహస్యపు గుర్తే. 2016 అక్టోబరులో లింక్డ్‌ఇన్ ‘ఓపెన్ క్యాండిడేట్స్’ అనే పేరుతో దీన్ని మొదలుపెట్టింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లు గుట్టుగా రిక్రూటర్లకు కబురు పెట్టుకోవడానికే అది వచ్చింది. తమ కంపెనీ రిక్రూటర్లకు కనపడకుండా చూస్తామని అప్పుడే చెప్పారు. నాలుగేళ్ల తర్వాత, 2020లో, కోవిడ్ వల్ల లక్షల మంది ఒక్కసారిగా ఉద్యోగాలు పోగొట్టుకున్నప్పుడు ఫొటో మీద ఆకుపచ్చ పట్టీ వచ్చింది. అవసరం తారుమారైంది. అంతకుముందు దాచుకోవడం కావాలి, అప్పుడు నలుగురికీ చెప్పుకోవడం కావాలి. ఈ రెండు అవసరాలనూ ఒకే మీట కింద పెట్టడం వల్లే చాలామంది ఒకదాన్ని నొక్కబోయి ఇంకోదాన్ని నొక్కుతున్నారు.

పెట్టుకునే పద్ధతి తేలికే. ప్రొఫైల్‌లో పేరు కింద Open to అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కితే వచ్చేవాటిలో Finding a new job ఎంచుకోవాలి. అక్కడ ఏ ఉద్యోగం కావాలో ఐదు హోదాల వరకు రాయొచ్చు. ఏ ఊళ్లో కావాలి, ఆఫీసుకు వెళ్లి చేస్తారా ఇంటి నుంచి చేస్తారా, వెంటనే చేరాలనుకుంటున్నారా లేక తీరిగ్గా చూస్తున్నారా, పూర్తికాలమా కాంట్రాక్టా అన్నవి కూడా అడుగుతారు. చివర్లో ఎవరికి కనిపించాలి అన్న ప్రశ్న వస్తుంది. జవాబులు రెండే, Recruiters only, All LinkedIn members. మొత్తం ఫారంలో రెండుసార్లు చూసి నొక్కాల్సింది ఇక్కడే. రెండోది నొక్కితే ఫొటోకు పట్టీ చుట్టుకుంటుంది. దాంతోపాటు ఈ సంగతి తెలిపే పోస్టు కూడా పెట్టమని సూచిస్తుంది. ఆ పోస్టు పెట్టాక, తర్వాత మనసు మార్చుకుని మొదటిదానికి వచ్చినా పట్టీ పోతుంది గానీ పోస్టు మాత్రం మనం వెళ్లి తీసేసేదాకా అక్కడే ఉంటుంది.

రహస్యంగా పెట్టుకున్నవాళ్లను కంగారు పెట్టే విషయం ఒకటుంది. గుర్తు పెట్టాక మన ప్రొఫైల్ మనమే తెరిచి చూస్తే Open to work అనే పెట్టె, మనం రాసిన హోదాలతో సహా, పైనే కనిపిస్తుంది. అయ్యో, అందరికీ కనిపిస్తోందని వెంటనే తీసేసేవాళ్లు ఉన్నారు. అది మనకు కనిపించడం సహజమే, మార్చుకోవడానికి వీలుగా మనకు చూపిస్తారు. ఇతరులకు ఎలా ఉందో తెలియాలంటే నమ్మకమైన స్నేహితుడి అకౌంట్ నుంచి చూడమనాలి. అక్కడ పెట్టె లేకపోతే మామూలు సభ్యులెవరికీ కనిపించడం లేదన్నమాట. రిక్రూటర్లకు ఎలా కనిపిస్తోందో మాత్రం ఈ పరీక్షతో తేలదు. వాళ్లు చూసే తెర వేరు.

అసలు రిక్రూటర్ అంటే ఎవరు? అపోహ మొదలయ్యేది ఇక్కడే. లింక్డ్‌ఇన్ లెక్కలో రిక్రూటర్ అంటే హోదా కాదు. పేరు కింద ‘టాలెంట్ అక్విజిషన్ మేనేజర్’ అని రాసుకున్నంత మాత్రాన ఎవరికీ ఈ గుర్తు కనిపించదు. ‘లింక్డ్‌ఇన్ రిక్రూటర్’ అనే వేరే సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్ని డబ్బు కట్టి కొనుక్కోవాలి. ఆ లైసెన్సు ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. మామూలు అకౌంట్‌తో తిరిగే హెచ్‌ఆర్ మేనేజర్‌కు కనిపించదు. సొంతానికి ప్రీమియం కొనుక్కున్న సహోద్యోగికీ కనిపించదు. అదే సమయంలో, ఒక గదిలో నలుగురితో నడిచే చిన్న కన్సల్టెన్సీ ఆ లైసెన్సు కొనుక్కుంటే వాళ్లకు కనిపిస్తుంది. పెద్ద కంపెనీలు ఏడాది ఒప్పందం మీద పదుల కొద్దీ లైసెన్సులు తీసుకుంటాయి. చిన్నవాళ్లు ‘రిక్రూటర్ లైట్’ అనే తక్కువ ధర రకం కొనుక్కుంటారు. అందుకే Recruiters only అన్న మాటను ‘కొద్దిమంది పెద్దమనుషులు’ అని చదువుకోకూడదు. ప్రపంచమంతటా మనకు ముక్కూ మొహం తెలియని పెద్ద గుంపు అది. వాళ్లందరికీ కనిపించాలనే మనం గుర్తు పెడుతున్నాం.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఈ గుర్తు ఎలా పనిచేస్తుందో తెలిస్తే, దాన్ని దాచే ఏర్పాటు ఎంతవరకు దాస్తుందో అర్థమవుతుంది. రిక్రూటర్ ఒక ఖాళీ నింపడానికి వెతుకుతాడు. హోదా, ఊరు, నైపుణ్యాలు, అనుభవం కొడితే వేల పేర్లు వస్తాయి. పైన ఉండే ఒక వడపోత నొక్కితే Open to work అని చెప్పినవాళ్లు మాత్రమే మిగులుతారు. వాళ్ల పేరు దగ్గర ఆ మాట కనిపిస్తుంది. మనం కోరుకున్న హోదాలు, ఊళ్లు కూడా తెరిచి చూడొచ్చు. పది మందికి మెసేజ్ పెడితే ఎంతమంది జవాబిస్తారన్నదే రిక్రూటర్ రోజువారీ బెంగ కాబట్టి, ఈ వడపోత దాదాపు అందరూ వాడతారు. పట్టీ లేకపోయినా రహస్య గుర్తు పెట్టినవాళ్లకు పిలుపులు పెరగడానికి కారణం ఇదే.

ఇప్పుడు అదే వెతుకులాట మన సొంత కంపెనీ రిక్రూటర్ చేశాడనుకుందాం. అతని లైసెన్సు ఏ కంపెనీదో లింక్డ్‌ఇన్‌కు తెలుసు. మనం ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నామో మన ప్రొఫైల్‌లోని అనుభవం భాగం చెబుతుంది. రెండూ ఒకటే అయితే ఆ రిక్రూటర్‌కు మన గుర్తు చూపించదు. ఆ కంపెనీకి సంబంధించినవిగా లింక్డ్‌ఇన్‌కు తెలిసిన ఇతర కంపెనీల రిక్రూటర్లకూ దాచడానికి చూస్తుంది. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. దాగేది గుర్తు మాత్రమే, ప్రొఫైల్ కాదు. సొంత కంపెనీ రిక్రూటర్ మన పేరు, మన అనుభవం, మనం నిన్న చేర్చుకున్న కొత్త సర్టిఫికెట్ అన్నీ ఎప్పటిలాగే చూడగలడు. రెండోది, లింక్డ్‌ఇన్ దీన్ని హామీగా ఇవ్వడం లేదు. దాచడానికి చర్యలు తీసుకుంటాం గానీ పూర్తి గోప్యతకు పూచీ ఇవ్వలేమని గుర్తు పెట్టుకునే చోటే రాసిపెట్టింది. చిన్న అక్షరాల్లో ఉన్నా, మొత్తం వ్యవహారంలో అత్యంత నిజాయతీ గల వాక్యం అదే అని నా అభిప్రాయం.

పూచీ ఎందుకు ఇవ్వలేరు? ఒక ఉదాహరణ ఊహించుకుని, ఒక్కో చూపు నుంచి పరిశీలిద్దాం.

గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీలో టెస్టింగ్ ఇంజినీరుగా పనిచేస్తున్న అమ్మాయి అనుకోండి. ఆరేళ్ల అనుభవం, 90 రోజుల నోటీసు పీరియడ్. జీతం ఇచ్చేది సర్వీసుల కంపెనీ, కానీ రోజూ వెళ్లి కూర్చునేది ఒక అమెరికా బ్యాంకు వాళ్ల హైదరాబాద్ ఆఫీసులో. ఆమె కంపెనీ ఒక గ్రూపులో భాగం, ఆ గ్రూపులో మరో రెండు కంపెనీలున్నాయి. కొత్త ఉద్యోగం కావాలని ఆటోమేషన్ టెస్టింగ్ హోదాలు రెండు రాసి, హైదరాబాద్, బెంగళూరు ఎంచుకుని, Recruiters only నొక్కింది.

ఆమె చేయాల్సిన మొదటి పని గుర్తు పెట్టడం కాదు, అనుభవం భాగంలో కంపెనీ పేరు పక్కనున్న బొమ్మ చూసుకోవడం. కంపెనీ పేరు రాస్తున్నప్పుడు కింద జాబితా వస్తుంది. అందులోంచి సరైన దాన్ని ఎంచుకుంటే ఆ పేరు కంపెనీ అసలు పేజీకి ముడిపడుతుంది, పక్కన కంపెనీ లోగో వస్తుంది. జాబితా పట్టించుకోకుండా టైప్ చేసేస్తే అది ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది, లోగో బదులు బూడిదరంగు భవనం బొమ్మ ఉంటుంది. మనుషులు చదివితే రెండూ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం రెండోది ఏ కంపెనీనో ఖాయంగా తెలియదు. తెలియని కంపెనీ నుంచి దాచడం ఎలా? ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే కంపెనీకి ‘టెక్నాలజీస్’, ‘ఇండియా’, ‘గ్లోబల్ సర్వీసెస్’ అంటూ మూడు పేజీలు ఉండొచ్చు, వాటిలో ఒకటి ఎవరో ఎప్పుడో తెరిచి వదిలేసింది కావొచ్చు. హెచ్‌ఆర్ వాళ్ల లైసెన్సు ఒక పేజీ పేరున, ఈ అమ్మాయి ప్రొఫైల్ ఇంకో పేజీకి ముడిపడి ఉంటే, వాటి మధ్య సంబంధం లింక్డ్‌ఇన్‌కు తెలిస్తేనే గోడ నిలుస్తుంది. అందుకని తన హెచ్‌ఆర్ వాళ్లు, మేనేజర్లు తమ ప్రొఫైళ్లలో ఏ పేజీని పెట్టుకున్నారో చూసి, ఆమె కూడా అదే పెట్టుకోవాలి. ఐదు నిమిషాల పని. చేసేటప్పుడు మార్పును నెట్‌వర్క్‌కు తెలియజేయాలా అని అడిగే మీట ఆపేసి ఉందో లేదో చూసుకోవాలి.

ఆ పని అయ్యాక ఎవరికి ఏం కనిపిస్తుంది? టీమ్‌లో ఉన్నవాళ్లకు, టీమ్ లీడ్‌కు ఏమీ కనిపించదు. వాళ్లకు రిక్రూటర్ లైసెన్సు ఉండదు. సొంత కంపెనీలో నియామకాలు చూసేవాళ్లకు లైసెన్సు ఉన్నా గుర్తు కనిపించదు. ఇంతవరకు మాట నిలబడింది.

గ్రూపులోని మిగతా రెండు కంపెనీల సంగతి అంత గట్టిగా చెప్పలేం. అవి ఈ కంపెనీకి అనుబంధమని లింక్డ్‌ఇన్‌లో నమోదై ఉంటే దాస్తుంది. కానీ మన దగ్గర గ్రూపుల స్వరూపం తరచూ మారుతుంది. ఒక కంపెనీని కొంటారు, ఇంకోదాన్ని విడదీస్తారు, పేరు మారుస్తారు. కాగితాల మీద జరిగిన మార్పు కంపెనీ పేజీల్లోకి ఎప్పుడు ఎక్కుతుందో చెప్పలేం. గ్రూపు మొత్తానికి నియామకాలు ఒకే హెచ్‌ఆర్ విభాగం చూస్తుంటే, ఒక కంపెనీ లైసెన్సుతో చూసినవాళ్లే మరో కంపెనీ మనుషులకూ హెచ్‌ఆర్ అవుతారు.

తర్వాతిది బ్యాంకు. ఆమె రోజూ కూర్చునేది అక్కడే అయినా, ఆమె ఉద్యోగం ఇచ్చింది బ్యాంకు కాదు. ప్రొఫైల్‌లో బ్యాంకు పేరు యజమానిగా ఉండదు. కాబట్టి బ్యాంకు రిక్రూటర్లు ఆమెకు బయటివాళ్ల కిందే లెక్క, గుర్తు నిక్షేపంగా కనిపిస్తుంది. దీనివల్ల మంచి జరగొచ్చు, బ్యాంకే నేరుగా తీసుకోవచ్చు. కానీ ఒకరి మనుషుల్ని ఒకరు తీసుకోకూడదన్న షరతు సర్వీసుల కంపెనీకీ క్లయింటుకూ మధ్య ఉండటం మామూలే. ఆ షరతు ఉన్నచోట బ్యాంకు మనిషి ‘మీ అమ్మాయి వెళ్లిపోయేలా ఉంది, ఇంకొకర్ని సిద్ధం చేసుకోండి’ అని వెండర్ మేనేజర్‌కు ఒక మాట వేస్తే చాలు. లింక్డ్‌ఇన్ ఏ తప్పూ చేయలేదు, అయినా కబురు చేరిపోయింది. క్లయింటు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు మన ఐటీలో ఇంతమంది ఉండగా దీని గురించి ఎవరూ హెచ్చరించకపోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

అన్నిటికంటే పలచని చోటు కన్సల్టెన్సీ. సొంత కంపెనీ తన నియామకాలను బయటి సంస్థకు అప్పగించిందనుకుందాం. ఆ సంస్థ మనుషులు ఇదే భవనంలో, ఇదే బ్యాడ్జి వేసుకుని కూర్చుంటారు. వాళ్లు వాడేది కంపెనీ కొనిచ్చిన లైసెన్సు అయితే గుర్తు దాగుతుంది. తమ సంస్థ లైసెన్సే వాడితే లింక్డ్‌ఇన్ దృష్టిలో వాళ్లు వేరే కంపెనీవాళ్లు, కాబట్టి కనిపిస్తుంది. బయట ఉండే కన్సల్టెన్సీల విషయం చెప్పనక్కర్లేదు. ఒకే కన్సల్టెన్సీకి పది కంపెనీలు క్లయింట్లు, అందులో ఈ అమ్మాయి కంపెనీ కూడా ఒకటి కావచ్చు. ఎవరెవరు దిక్కులు చూస్తున్నారో క్లయింటుకు చెప్పకపోవడం ఆ వృత్తిలో మర్యాద. ఎక్కువమంది పాటిస్తారు. కానీ అది మనుషుల మర్యాద, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ కాపలా కాయదు. రిక్రూటర్ ఒకసారి చూశాక ప్రొఫైల్‌ను తన ప్రాజెక్టులో దాచుకోవచ్చు, ఇంటర్వ్యూ చేసే మేనేజర్‌కు పంపొచ్చు, స్క్రీన్‌షాట్ తీయొచ్చు.

మరి ఎవరు చూశారో ఆమెకు తెలుస్తుందా? తెలియదు. గుర్తును ఫలానావాళ్లు చూశారని లింక్డ్‌ఇన్ చెప్పదు. ప్రొఫైల్ ఎవరు తెరిచారో చూపించే పేజీ ఉంది గానీ, ప్రైవేటుగా చూసేవాళ్ల పేర్లు అక్కడ రావు. పైగా ప్రొఫైల్ తెరవకుండా వెతుకులాట ఫలితాల్లోనే గుర్తు చూసి ఊరుకోవచ్చు. సొంత కంపెనీలో తెలిసిపోయిందని అనుమానం వచ్చినప్పుడు ఎలా తెలిసిందో వెనక్కి వెళ్లి కనిపెట్టే దారి దాదాపు లేదనే చెప్పాలి. అందుకే జాగ్రత్త అంతా ముందే పడాలి.

ఇంకో వైపు నుంచి చూస్తే, నిజంగా బయటపడేవి ఎక్కువగా ఈ గుర్తుకు సంబంధం లేని పనుల వల్లే. పేరు కింద ఉండే హెడ్‌లైన్‌లో ‘కొత్త అవకాశాల కోసం చూస్తున్నాను’ అని ఇంగ్లీషులో రాసుకుంటారు. అది అందరికీ కనిపించే వరుస. Recruiters only దాన్ని దాచదు. మూడేళ్లుగా ముట్టుకోని ప్రొఫైల్‌లో ఒక్క వారంలో కొత్త ఫొటో, పది నైపుణ్యాలు, నాలుగు సర్టిఫికెట్లు చేరతాయి. ఇరవై మంది రిక్రూటర్లతో కొత్తగా కనెక్ట్ అవుతారు. ఉద్యోగ ప్రకటనల కింద ‘ఇంట్రెస్టెడ్’ అని కామెంట్ పెడతారు, ఆ కామెంట్ టీమ్ లీడ్ ఫీడ్‌లో ప్రత్యక్షమవుతుంది. అనుభవం ఉన్న మేనేజర్‌కు ఇంకో గుర్తుతో పనిలేదు. ఆ మార్పులు గుర్తు పెట్టడానికి చాలా ముందే, నెమ్మదిగా చేసుకోవడం మేలు.

మన దేశంలో నౌకరీ డాట్ కామ్ వాడేవాళ్లు కూడా ఎక్కువే కాబట్టి తేడా ఒకటి చెప్పాలి. 1997లో మొదలైన ఆ సైట్ స్వభావమే వేరు. అక్కడ రెజ్యూమె పెట్టడమే ఉద్యోగం కోసం చూస్తున్నట్టు లెక్క, విడిగా గుర్తుతో పనిలేదు. డబ్బు కట్టిన కంపెనీలు, కన్సల్టెన్సీలు ఆ రెజ్యూమెల గిడ్డంగిలో వెతుక్కుంటాయి. అయితే ఏయే కంపెనీలకు తన ప్రొఫైల్ కనిపించకూడదో అభ్యర్థే పేర్లు ఇచ్చి ఆపుకునే వీలు నౌకరీలో ఉంది. అది చాలా పనికొచ్చే ఏర్పాటు. పైన చెప్పిన అమ్మాయి అక్కడ తన కంపెనీని, గ్రూపులోని మిగతా రెండింటినీ, కావాలంటే బ్యాంకునూ ఆపేయొచ్చు. లింక్డ్‌ఇన్ గుర్తు దగ్గర అలా మనం పేర్లు ఇచ్చే జాబితా లేదు, ఎవరికి దాచాలో అదే లెక్కగడుతుంది. ఈ ఒక్క విషయంలో లింక్డ్‌ఇన్ నేర్చుకోవాల్సింది ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఎవరి వల్ల తనకు ముప్పో ఉద్యోగికి తెలిసినంతగా ఏ లెక్కకూ తెలియదు. అయితే కన్సల్టెన్సీ బెడద నౌకరీలోనూ అంతే. కంపెనీని ఆపినా, ఆ కంపెనీకి మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీ వేరే పేరుతో ఉంటుంది.

రహస్యంతో పనిలేని సందర్భం కూడా చూద్దాం, ఎందుకంటే అక్కడ ఈ భయాలన్నీ తలకిందులవుతాయి. అమెరికాలో హెచ్‌1బీ వీసా మీద ఉన్న తెలుగువాళ్లు ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువులో ఉంటారు. వీసా కాలం అంతకంటే ముందే ముగిస్తే గడువు అప్పటిదాకానే. ఆలోగా మరో కంపెనీ వాళ్ల తరఫున దరఖాస్తు పెట్టాలి, లేదా వేరే హోదాకు మారాలి, లేదా దేశం విడవాలి. అలాంటి మనిషికి యజమాని నుంచి దాచాల్సింది ఏముంది? తీసేసింది ఆ యజమానే. రిక్రూటర్లకు గుర్తు కనిపించడం ఒక్కటే చాలదు, పాత సహోద్యోగులకు, కాలేజీ స్నేహితులకు, వాళ్ల స్నేహితులకు తెలియాలి. చాలా ఉద్యోగాలు అలా ఒకరు ఇంకొకరి పేరు చెప్పడం వల్ల దొరుకుతాయి, ఆ చెప్పేవాళ్లకు రిక్రూటర్ లైసెన్సు ఉండదు. ఆకుపచ్చ పట్టీ పెట్టుకుంటే దిక్కులేనివాళ్లలా కనిపిస్తామని కొందరు రిక్రూటర్లు బాహాటంగానే అన్నారు. ఉద్యోగంలో ఉండి తీరిగ్గా వెతికేవాళ్లకు ఆ మాట కొంత వర్తిస్తుందేమో. గడియారం నడుస్తున్నవాళ్లు దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

వాళ్లకు వేరే ప్రమాదం ఉంది. పట్టీ కనిపించగానే మొదట వచ్చేది మంచి కంపెనీలు కాకపోవచ్చు. వీసా చూసుకుంటాం, ముందు ఇంత కట్టండి అనేవాళ్లు, లేని అనుభవాన్ని రెజ్యూమెలో ఎక్కిస్తామనేవాళ్లు వస్తారు. రహస్య గుర్తుకైనా ఈ బెడద పూర్తిగా తప్పదు. లైసెన్సు కొనడానికి డబ్బుంటే చాలు, నిజాయతీకి పరీక్ష లేదు. మెసేజ్ వచ్చినప్పుడు పంపినవాళ్ల కంపెనీ పేజీ చూడాలి, ఏ కంపెనీలో ఏ ఖాళీ కోసం అడుగుతున్నారో నేరుగా అడగాలి. మన కన్సల్టెన్సీలు క్లయింటు పేరు మొదట్లో చెప్పకపోవడం మామూలే. కానీ మన రెజ్యూమె పంపించే ముందు తప్పకుండా చెప్పాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం, ఎందుకంటే క్లయింటు తమ సొంత కంపెనీయే కాదని తేల్చుకోవడానికి ఉన్న దారి అదొక్కటే. ‘నా అనుమతి లేకుండా ఎవరికీ పంపవద్దు’ అని రాతపూర్వకంగా, అదే మెసేజ్‌లో చెప్పడం కూడా అలవాటు చేసుకోవాలి.

చివరగా, ఉద్యోగం దొరికాక. ఆఫర్ చేతికొచ్చిన సంతోషంలో గుర్తును మర్చిపోతారు. పాత కంపెనీలో నోటీసు ముగిసి కొత్తచోట చేరతారు, ప్రొఫైల్‌లో మాత్రం కొత్త కంపెనీ పేరు ఇంకా రాయరు. ప్రొబేషన్ అయ్యాక రాద్దామనుకుంటారు. ఈ మధ్యకాలంలో లింక్డ్‌ఇన్ దృష్టిలో వాళ్ల యజమాని ఇంకా పాత కంపెనీయే. గుర్తు దాగేది పాత కంపెనీకి. కొత్త కంపెనీ రిక్రూటర్లకు, నిన్ననే చేర్చుకున్న మనిషి మళ్లీ ఉద్యోగం వెతుకుతున్నట్టు కనిపిస్తుంది. అందుకే చేరే రోజుకు ముందే Open to work పెట్టె పక్కనున్న పెన్సిల్ బొమ్మ నొక్కి, Delete from profile తో గుర్తు తీసేయాలి. కొత్త కంపెనీ పేరు తర్వాత ఎప్పుడు రాసుకున్నా ఫరవాలేదు. గుర్తు తీసేశాక కూడా కొన్నాళ్లు ఫోన్లు, మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. అప్పటికే తమ ప్రాజెక్టుల్లో దాచుకున్న రిక్రూటర్ల దగ్గర పేరు అలాగే ఉంటుంది కాబట్టి. చేరిపోయానని వాళ్లకు ఒక వాక్యంలో జవాబు పెడితే, తమ జాబితాలోంచి వాళ్లే తీసేసుకుంటారు.